అంకణం 90 వేలు, మీకైతే 72 వేలే: ప్లాటు అమ్మకంలో ఒప్పించడం ఎక్కడ ఆగి మాయ ఎక్కడ మొదలవుతుంది

తిరుపతి చుట్టుపక్కల ఏ రోడ్డెక్కినా, రేణిగుంట వైపైనా చంద్రగిరి వైపైనా, వెంచర్ల బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. ఆదివారం వచ్చిందంటే మార్కెటింగ్ వాళ్లే కారు పంపి కుటుంబాన్ని సైటుకు తీసుకెళ్తారు. కుర్చీలు, షామియానా, మజ్జిగ, గోడకు లేఅవుట్ మ్యాపు అన్నీ సిద్ధంగా ఉంటాయి. ఉదయం ఊరికే చూసొద్దామని బయల్దేరినవాళ్లు మధ్యాహ్నానికి టోకెన్ కట్టి ఇంటికి వస్తారు. ఈ నడుమ జరిగినదాన్ని విడదీసి చూస్తే మూడు పనిముట్లు బయటపడతాయి. మొదట చెప్పిన ధర బుర్రలో లంగరులా దిగబడటం ఒకటి, దీన్నే యాంకరింగ్ అంటారు. నలుగురూ కొంటున్నారు కాబట్టి మంచిదే అయ్యుంటుందనుకోవడం రెండోది, అది సోషల్ ప్రూఫ్. అయిపోతోందంటే విలువ పెరిగినట్టు తోచడం మూడోది, అది కొరత.

ఈ మూడూ చీరల కొట్లోనూ ఉంటాయి, ఫోన్‌లో చేసే షాపింగ్‌లోనూ ఉంటాయి. ప్లాటునే తీసుకోవడానికి కారణముంది. సామాన్య కుటుంబం జీవితంలో ఒకటి రెండుసార్లు మాత్రమే కొనే వస్తువు ఇది. చీర ధర తప్పితే వచ్చే పండక్కి తెలివి వస్తుంది. ప్లాటు విషయంలో ఆ వచ్చే పండగ ఉండదు.

ధర పట్టిక ఎదుట పెట్టగానే ఏం జరుగుతుంది

ఒక లెక్క వేసుకుందాం. అంకెలు ఉదాహరణకు పెట్టుకున్నవే గానీ, పద్ధతి రోజూ నడిచేదే. తిరుపతిలో అంకణమంటే 36 చదరపు అడుగులు, అంటే 4 గజాలు. 50 అంకణాల ప్లాటు అంటే 200 గజాలన్నమాట. అందమైన బ్రోచర్‌లో ధర అంకణం 90,000 అని అచ్చువేసి ఉంటుంది. పక్కనే పెన్నుతో దాన్ని కొట్టేసి 72,000 అని రాస్తారు. ప్లాటు మొత్తం 45 లక్షలయ్యేది 36 లక్షలకే వస్తోంది, 9 లక్షలు మిగులు.

ఇప్పుడు అదే కుటుంబం సైటుకు వెళ్లకముందే, పక్క లేఅవుట్‌లో ప్లాటు అమ్ముకున్న ఒకాయనతో మాట్లాడిందనుకోండి. ఆయన అంకణం 60,000కు ఇచ్చానని చెప్పాడు. అప్పుడు మొదట దిగిన లంగరు 30 లక్షలు. ఆ లెక్కన అదే 36 లక్షలు 9 లక్షల లాభంలా కాక 6 లక్షల అదనపు భారంలా కనిపిస్తుంది. ప్లాటు మారలేదు, అడిగిన డబ్బూ మారలేదు. ఏ అంకె ముందు చెవిన పడిందన్నదే మారింది.

ఇది అనుభవం లేనివాళ్ల బలహీనత మాత్రమే అనుకుంటే పొరపాటు. అమెరికాలో నార్త్‌క్రాఫ్ట్, నీల్ అనే పరిశోధకులు 1987లో ప్రచురించిన ప్రయోగంలో రియల్ ఎస్టేట్ ఏజెంట్లకే పరీక్ష పెట్టారు. అరిజోనాలోని ఒక నిజమైన ఇంటిని వాళ్లకు చూపించి, వివరాల కట్ట చేతికిచ్చి, విలువ కట్టమన్నారు. వివరాలన్నీ ఒకటే. ఇంటివాళ్లు అడుగుతున్న ధర మాత్రం ఒక గుంపుకు 65,900 డాలర్లని, మరో గుంపుకు 83,900 డాలర్లని ఇచ్చారు. ఎక్కువ ధర చూసిన ఏజెంట్లు ఇంటికి ఎక్కువ విలువే కట్టారు. సగటున తేడా 7 వేల డాలర్లు దాటింది. అసలు సంగతి ఆ తర్వాత ఉంది. విలువ దేన్నిబట్టి కట్టారని అడిగితే, అడిగిన ధరను లెక్కలోకి తీసుకున్నామని ఒప్పుకున్న ఏజెంట్లు కొద్దిమందే. లంగరు పడిన చప్పుడు వినిపించదు.

కొలమానం కూడా లంగరే. నెల్లూరు వైపు అంకణమంటే 72 చదరపు అడుగులు, మన దగ్గరికి రెండింతలు. అటునుంచి వచ్చినాయన ‘అంకణం 72 వేలు’ అని వింటే తన ఊరి అంకణాన్నే తలుచుకుని చవకే అనుకుంటాడు. అతని లెక్కలో అడుగు 1000 పడుతోంది, నిజానికి పడేది 2000. ఏ వెంచర్‌లోనైనా ధరను అడుగులకో గజాలకో మార్చి మరోసారి రాసుకుంటే ఈ తికమక తొలగిపోతుంది. 72,000 అంటే గజం 18,000.

బేరంలో మొదటి ధర మోసమా?

కాదనే వాదన గట్టిదే. గాంధీ రోడ్డులో ఇత్తడి దీపపు కుందె పట్టుకుని ఎంత అనడిగితే కొట్టు ఆయన 1,200 అంటాడు. ఎదుటివాళ్లు 500 అంటారు. ఆయన వేసింది లంగరే, వీళ్లు వేసిందీ లంగరే. మొదటి మాట చివరి మాట కాదని ఇద్దరికీ తెలుసు. అలాంటి చోట ఎక్కువ చెప్పడం ఆటలో భాగం, దాన్ని మోసమంటే బేరమనే పద్ధతే ఉండకూడదు.

వెంచర్ బ్రోచర్ అలాంటిది కాదని నా లెక్క. అచ్చులో ఉన్న 90,000 బేరం మాటలా కనిపించదు. ‘ఇది దీని మామూలు ధర’ అని చెప్పే వాస్తవంలా కనిపిస్తుంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఆ 90,000కు ఇప్పటిదాకా ఒక్క ప్లాటైనా అమ్మారా? అమ్మి ఉంటే, ఆషాఢంలో గిరాకీ తగ్గి 72,000కు ఇస్తున్నామంటే, అది నికార్సయిన తగ్గింపు. ఆషాఢంలో, మూఢాల్లో కొనేవాళ్లు రారని అందరికీ తెలుసు, అమ్మేవాడికి తగ్గించడానికి నిజమైన కారణమే ఉంది. ఏనాడూ ఎవ్వరికీ 90,000కు అమ్మకుండా కొట్టేయడానికే ఆ అంకె వేస్తే మాత్రం అది అబద్ధం.

ఈ గీత నేను గీసింది కాదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో అనుచిత వ్యాపార పద్ధతి అంటే ఏమిటో సెక్షన్ 2(47) చెబుతుంది. ఒక వస్తువును గానీ సేవను గానీ మామూలుగా ఏ ధరకు అమ్ముతున్నారో ఆ విషయంలో జనాన్ని తప్పుదోవ పట్టించడం కూడా అందులో ఉంది. ఉత్త భూమి అమ్మకం సేవ కాదు కదా అనే అడ్డు వస్తుంది. అనుమతులు తెచ్చి, రోడ్లు వేసి, అభివృద్ధి చేసి అమ్మే ప్లాట్లు సేవ కిందికే వస్తాయని నార్నే కన్‌స్ట్రక్షన్స్ కేసులో సుప్రీంకోర్టు 2012లోనే తేల్చింది.

మ్యాపు మీద ఎర్ర చుక్కలు

షామియానాలో అందరి చూపూ వెళ్లేది గోడ మీది మ్యాపుకే. అమ్ముడైన ప్లాట్ల మీద ఎర్ర స్టిక్కర్లు. కాసేపటికొకసారి ఎవరో చప్పట్లు కొడతారు, కుర్రాడు వెళ్లి ఇంకో ఎర్ర చుక్క అతికిస్తాడు. టోకెన్ కట్టినవాళ్లకు శాలువా కప్పి ఫొటో తీస్తారు.

గుంపు బలమెంతో మనస్తత్వవేత్త మిల్‌గ్రామ్, ఆయన సహచరులు న్యూయార్క్ వీధిలో కొలిచి, 1969లో ప్రచురించారు. ఒక మనిషి ఆగి పైకి చూస్తూ నిలబడితే దారినపోయేవాళ్లలో 4 శాతం మంది ఆగారు. 15 మంది నిలబడితే 40 శాతం ఆగారు. పైన చూడటానికి ఏమీ లేదు. అలాగని నలుగురిని చూసి నడవడం తెలివితక్కువతనమేమీ కాదు. కొత్త ఊళ్లో రద్దీగా ఉన్న టిఫిన్ సెంటర్‌కు వెళ్లడం మంచి ఆలోచనే, ఎందుకంటే అక్కడ ప్రతి మనిషీ తన డబ్బుతో, తన నాలుకతో తీర్పు ఇస్తున్నాడు. ఆ తీర్పులు విడివిడిగా ఇచ్చినవై, నిజమైనవైతేనే గుంపుకు విలువ. ఎర్ర చుక్కల విషయంలో తేల్చుకోవాల్సింది అదే. ప్రతి చుక్క వెనకా కొన్న మనిషి ఉన్నాడా?

‘బుక్ అయింది’ అనే మాట మూడు వేర్వేరు సంగతులకు వాడతారు. ఐదు పది వేలు టోకెన్ ఇచ్చి పేరు రాయించుకున్నవాళ్లు కొందరు. ఇష్టం లేకపోతే ఆ డబ్బు తిరిగి తీసుకునే వీలున్న చోట అది కొనుగోలు కాదు, ఆలోచించుకోవడానికి కట్టిన బయానా. అగ్రిమెంటు దాకా వచ్చినవాళ్లు మరికొందరు. రిజిస్ట్రేషన్ అయినవాళ్లు ఇంకొందరు. మూడింటికీ మ్యాపులో రంగు ఒకటే. ఇవి కాక, డెవలప్‌మెంట్ ఒప్పందం కింద భూమి యజమాని వాటాకు వెళ్లిన ప్లాట్లుంటాయి. వాటిని ఎవరూ ఎంచి కొనలేదు, అయినా ఎర్ర చుక్క పడుతుంది. కంపెనీ తనకోసం ఆపి పెట్టుకున్న బ్లాకులదీ అదే కథ.

అబద్ధం ఒక్కటీ ఆడకుండానే తప్పుదోవ పట్టించే పద్ధతి ఇంకొకటుంది. వెంచర్‌లో మొత్తం 120 ప్లాట్లు అనుకుందాం. మొదట 40 మాత్రమే అమ్మకానికి తెరిచారు, 32 పోయాయి. ‘80 శాతం అయిపోయాయి’ అని చెబితే ఆ 40 మీద లెక్క సరిగ్గా సరిపోతుంది. 120 మీద చూస్తే అది 27 శాతం కూడా దాటదు. చెప్పింది నిజమే కదా, ఎన్ని ప్లాట్ల మీద లెక్కేశామో మీరు అడగలేదు, అని అమ్మేవాళ్లు అంటారు. ఇక్కడ అభిప్రాయాలు నిజంగానే రెండుగా చీలతాయి. అబద్ధం లేకపోతే మాయ లేదని ఒక పక్షం. వినేవాడు ఏమని అర్థం చేసుకుంటాడో తెలిసి, ఆ తప్పు అర్థం కోసమే మాటను అలా కూర్చితే అదీ మాయే అని రెండో పక్షం. నేను రెండో పక్షమే. 120 అనే అంకెను వినేవాడి చేతిలో పెట్టడానికి అమ్మేవాడికి పైసా ఖర్చు లేదు, అయినా పెట్టలేదంటే దానికో కారణం ఉండే ఉంటుంది.

చుక్కలు లెక్కించే దారి లేకపోలేదు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ను రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరాలో నమోదు చేయించకుండా ప్రకటించడం, బుకింగులు తీసుకోవడం రెరా చట్టం, 2016 సెక్షన్ 3 ప్రకారం కుదరదు. నమోదైన ప్రాజెక్టుకు రెరా వెబ్‌సైట్‌లో ఒక పేజీ ఉంటుంది. ఎన్ని ప్లాట్లు బుక్ అయ్యాయో మూడు నెలలకోసారి అందులో సరిచేయాలని సెక్షన్ 11 చెబుతుంది. మొత్తం ప్లాట్ల సంఖ్యా అక్కడే దొరుకుతుంది. రెండో దారి ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. లేఅవుట్ సర్వే నంబర్ల మీద ఈసీ తీస్తే ఏయే ప్లాటు ఎవరి పేరున ఏ తేదీన రిజిస్టర్ అయిందో వరుసగా వస్తుంది. మ్యాపులో 32 చుక్కలుండి ఈసీలో 6 అమ్మకాలే కనిపిస్తే, మిగతా 26 ఏ దశలో ఉన్నాయని అడగడానికి ఆధారం దొరికినట్టే. అంతమాత్రాన మోసమని తేల్చేయకూడదు, కొత్త వెంచర్‌లో రిజిస్ట్రేషన్లు నెలల తరబడి వెనకబడటం మామూలే.

ఒక జాగ్రత్త. ఈసీ లెక్కకు పనికొచ్చినట్టు ధరకు పనికిరాదు. డాక్యుమెంట్లలో చాలామంది ప్రభుత్వ మార్కెట్ విలువకు దగ్గరగానే రాయిస్తారు, చేతులు మారిన డబ్బు అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. అందులోని అంకెను పట్టుకుని ‘మీరు రెండింతలు చెబుతున్నారు’ అని వాదించడానికి కూర్చుంటే, అదీ ఇంకో తప్పుడు లంగరే.

‘ఆఖరి మూడు’

బిస్కెట్ల మీద చేసిన ఒక ప్రయోగం ఉంది. వర్చెల్, ఆయన తోటివాళ్లు 1975లో ప్రచురించారు. ఒకే రకం బిస్కెట్లను కొందరికి 10 ఉన్న సీసాలో, కొందరికి 2 మాత్రమే ఉన్న సీసాలో ఇచ్చారు. రెండే ఉన్నవాళ్లు వాటిని ఎక్కువ కోరదగ్గవిగా చెప్పారు. మొదటి నుంచీ రెండే ఉన్నప్పటి కంటే, కళ్లముందే 10 నుంచి 2కు తగ్గినప్పుడు ఆ కోరిక ఇంకా పెరిగింది. అందులోనూ వేరేవాళ్లు కావాలన్నందువల్లే తగ్గాయని చెప్పినప్పుడు అన్నిటికంటే ఎక్కువ. షామియానాలో చప్పట్ల మధ్య ఎర్ర చుక్క అతికించడం ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. ఒకే చుక్క రెండు పనులు చేస్తుంది. ఇంకొకరు కొన్నారనీ చెబుతుంది, నీకు ఒకటి తగ్గిందనీ చెబుతుంది.

భూమి విషయంలో కొరత నిజమే కావచ్చు. 120 ప్లాట్లలో తూర్పు ముఖం ఉండి కార్నర్‌లో ఉన్నవి ఎన్నుంటాయి? చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ‘ఈశాన్యం బిట్టు ఒక్కటే మిగిలింది, దాన్ని ఇంకో ఇద్దరు అడిగారు’ అన్నది నిజమైతే, చెప్పకపోవడమే తప్పు. కొనేవాడికి అవసరమైన సమాచారం అది. కొరతను తయారు చేసినప్పుడే పేచీ. ‘ఈ ధర ఈ రోజు సాయంత్రం దాకే’ అంటారు. భూమి ఎక్కడికీ పోదు, సాయంత్రం తర్వాత అమ్మేవాడికి ఖర్చూ పెరగదు. అలాంటప్పుడు గడువు దేనికోసం? ఇంటికెళ్లి రెరా పేజీ చూడకుండా, ఈసీ తీయకుండా, పక్క లేఅవుట్ ఆయనకు ఫోన్ చేయకుండా ఉండటానికి. అందుకే మూడింటిలోనూ దీన్నే నేను ఎక్కువగా అనుమానిస్తాను. మిగతా రెండు అబద్ధాలనూ వెతికి పట్టుకునే వీలుంటుంది. ఇది ఆ వెతికే టైమునే తీసేసుకుంటుంది.

తయారుచేసిన గడువును పట్టుకోవడం కష్టమేమీ కాదు. ‘ఇదే ధర, ఈ ప్లాటు నంబరు, ఫలానా తేదీ దాకా అని కాగితం మీద రాసివ్వండి, నాలుగు రోజుల్లో చెబుతాం’ అని అడిగితే చాలు. నిజమైన గడువున్నవాడు రాసివ్వడానికి వెనకాడడు. బుధవారం నాడు వేరే నంబరు నుంచి కొత్తవాళ్లలా ఫోన్ చేసి అడిగితే అదే ‘ఈ రోజే ఆఖరు’ మళ్లీ వినిపిస్తుందేమో చూసుకోవచ్చు. ఆదివారం ఎర్రగా ఉన్న ప్లాటు బుధవారానికి ఖాళీ అయితే, అది వెనక్కి తీసుకున్న టోకెనైనా అయ్యుండాలి, అసలు లేని టోకెనైనా అయ్యుండాలి.

ఎటూ తేల్చలేని సందర్భం ఒకటుంది. ‘రేపు దశమి, మంచిరోజు, ఆ తర్వాత మూఢం, మూడు నెలలు ఏమీ చేయలేరు’ అంటారు. పంచాంగంలో అది నిజంగానే ఉంది. కొనేవాళ్లకు నమ్మకమూ ఉంది. అమ్మేవాడు కొత్తగా పుట్టించిందేమీ లేదు. కానీ ఆ దశమి సంగతి తెలిసి, సరిగ్గా దానికి ముందు రోజే కారు పంపాడు. మూఢం పేరుతో తొందరపెట్టడం అబద్ధం కాదు గనక దాన్ని మాయ అనలేను, అలాగని శుభ్రమైన పనీ అనలేను. మంచిరోజున ఒక రూపాయి బయానా పెట్టి, మిగతా డబ్బు కాగితాలు చూశాక ఇస్తామంటే ఒప్పుకుంటాడా అన్నదాన్ని బట్టి ఆ మనిషి ఉద్దేశం తేలిపోతుంది.

చట్టం చెయ్యి ఎంతదాకా వస్తుంది

ఆన్‌లైన్ అమ్మకాల్లో ఇలాంటి ఎత్తులకు ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు. వాటిని అరికట్టడానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ఇచ్చింది. అందులోని 13 రకాల్లో మొదటిదే తప్పుడు తొందర. లేని గిరాకీని, లేని కొరతను చూపి వెంటనే కొనిపించడం దాని కిందికి వస్తుంది. యాప్‌లో ‘ఇంకా 2 మాత్రమే’ అని పడితే ఆ మాట స్క్రీన్‌షాట్‌గా మిగులుతుంది, 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వడానికి ఆధారంగా ఉంటుంది.

షామియానా కింద రెరా చట్టం అక్కరకొస్తుంది. ధరలో పది శాతం మించి డబ్బు తీసుకోవాలంటే ముందు అమ్మకం అగ్రిమెంటు రాసి రిజిస్టర్ చేయించాలని సెక్షన్ 13 చెబుతుంది. మన 36 లక్షల ప్లాటుకు అది 3.6 లక్షలు. ‘ఈ సాయంత్రంలోగా 10 లక్షలు కట్టేయండి, అగ్రిమెంటు తర్వాత చూద్దాం’ అన్నవాళ్లు ధర మాట ఎలా ఉన్నా ఈ గీత దాటినట్టే. ప్రకటనలోనో బ్రోచర్‌లోనో ఉన్న తప్పు మాటను నమ్మి అడ్వాన్సు ఇచ్చి నష్టపోతే పరిహారం అడగొచ్చని, తప్పుకోవాలనుకుంటే కట్టిందంతా వడ్డీతో సహా వెనక్కి కోరవచ్చని సెక్షన్ 12 అంటుంది. ఏ మాధ్యమంలో వచ్చినదైనా ప్రకటనే కాబట్టి వాట్సాప్‌లో పంపిన పోస్టరునూ చెరిపేయకుండా ఉంచుకోవాలి.

అయితే బ్రోచర్లు రాసేవాళ్లకు ఈ సెక్షన్ మనకంటే బాగా తెలుసు. రోడ్ల వెడల్పు, పార్కు, అనుమతి నంబరు అచ్చులో జాగ్రత్తగా ఉంటాయి. కొట్టేసిన 90,000 మీద మాత్రం పెన్ను గీతే ఉంటుంది. ‘ఆఖరి మూడు’ అన్నది ఏ కాగితం మీదా ఉండదు, మజ్జిగ గ్లాసు అందిస్తూ నోటితో చెప్పే మాట అది.